ఇంకొక్క మెట్టు

పోయిన ఆదివారం సాయంత్రం ఫుజైరా కార్నిష్‌లో కూర్చుని ఉంటే, మా జిల్లా కుర్రాడొకడు పక్కకి వచ్చి ఫోన్ చేతిలో పెట్టాడు. ఇక్కడి ఆయిల్ ట్యాంకుల టెర్మినల్‌లో పనిచేస్తాడు. మంచివాడు, ఇంటికి నెలనెలా డబ్బు పంపేవాడు. "బాబాయ్ గారూ, నలభై ఒక్క వారాలు. ఒక్క వారం కూడా నష్టం లేదు చూడండి" అన్నాడు. తెరమీద గీత మెట్లు కట్టినట్టు నున్నగా పైకి పోతోంది. బంగారం మీద ట్రేడింగ్, చేసేది ఒక బాట్. ఖాతాలో మూడు వేల డాలర్లున్నాయి. అసలు విషయం తర్వాత వచ్చింది. "మీరు ఇంకో పదకొండు వేల దిర్హాములు సర్దితే ఖాతా రెట్టింపవుతుంది. అప్పుడిది ఇక పడనే పడదు. ఏడాదిలో తిరిగిచ్చేస్తాను."

ఇస్తాననే అన్నాను. ఈ కాలమ్ చదివేవాళ్లకు తెలుసు, నాది పాత పాట: ఓడేవాడు తెలివి లేక ఓడడు, సంచి చిన్నదై ఓడతాడు. ఇరవై ఏళ్లకు పైగా ఈ ఊళ్లో బంకర్ కంపెనీల లెక్కలు రాసినవాడిని. ఓడలకు ఇంధనం అమ్మే వ్యాపారంలో చేతిలో డబ్బున్నవాడు గాలివాన దాటుకుని నిలబడటం, లేనివాడు కొట్టుకుపోవడం కళ్లారా చూశాను. అందుకే కుర్రాడి మాట నాకు సబబుగానే తోచింది. ఇంటికొచ్చి, అలవాటు కొద్దీ, ఆ బాట్ చేసే పని కాగితం మీద వేసి చూశాను.

అది చేసేది ఇది. ముందు ఒక ఔన్సు కొంటుంది. ధర పది డాలర్లు పెరిగితే అమ్మేసి పది డాలర్లు తీసుకుంటుంది. పెరగకుండా పది తగ్గితే రెండు ఔన్సులు కొంటుంది, ఇంకో పది తగ్గితే నాలుగు, ఆపైన ఎనిమిది. ట్రేడర్లు దీన్ని యావరేజ్ చేయడం అంటారు, ఇలా రెట్టిస్తూ పోతే మార్టింగేల్. మొదటిసారి కొన్న ధర నుంచి బంగారం అరవై డాలర్లు పడేసరికి ఏడుసార్లు కొని ఉంటుంది. చేతిలో 127 ఔన్సులు, నష్టం 1200 డాలర్లు. ఇప్పుడు ఆ కుర్రాడికి ధైర్యమిచ్చే సంగతి చూడండి. 1200ని 127తో భాగిస్తే తొమ్మిదిన్నర. అంటే అరవై డాలర్లు పడిన బంగారం తొమ్మిదిన్నర డాలర్లు లేస్తే చాలు, పోయిందంతా వచ్చేస్తుంది. ఎంత లోతుకు దిగినా, కొత్తగా కొన్న ప్రతిసారీ ఒడ్డు పది డాలర్ల లోపే కనిపిస్తూ ఉంటుంది. మామూలు వారాల్లో బంగారం ఆ మాత్రం లేస్తూనే ఉంటుంది. నలభై ఒక్క వారాలూ అలాగే గడిచాయి.

మరి ఇంకో పది పడితే? నష్టం 2470. మూడు వేల ఖాతాలో మిగిలేది 530. ఎనిమిదోసారి కొనకుండా ఆగినా, 127 ఔన్సులు చేతిలో ఉన్నాయి కాబట్టి ఇంకో నాలుగు డాలర్లు తగ్గితే అదీ చెల్లు. నిజానికి అంతదాకా కూడా రానివ్వరు. మార్జిన్ చాలదని బ్రోకరే ముందుగా అమ్మేస్తాడు, దాన్ని స్టాప్ ఔట్ అంటారు. మొదట్లో ఆశపడింది పది డాలర్లు, చివర్లో పోయేది దాదాపు మూడు వేలు.

ఇక నా పదకొండు వేల దిర్హాములు కలిపితే ఏమవుతుంది? ఖాతా ఆరు వేలవుతుంది. ఎనిమిదో మెట్టు, 128 ఔన్సులు, కొనగలుగుతుంది. ఎనభై డాలర్లు పడేసరికి నష్టం 5020. మెట్లు ఏడు ఎనిమిదయ్యాయి, అంతే. నా డబ్బు కొన్నది ఇంకో పది డాలర్ల పతనాన్ని తట్టుకునే ఓపిక మాత్రమే. 2013 ఏప్రిల్ 15న బంగారం ఒక్క రోజులో సుమారు 140 డాలర్లు పడింది. 2025 అక్టోబరు 21న ఐదు శాతానికి పైగా, అంటే రెండు వందల డాలర్లు మించి పడింది. అలాంటి రోజున ధర మెట్టు మెట్టుకూ ఆగి ఊపిరి తీసుకోదు. ఏడు మెట్లకూ ఎనిమిది మెట్లకూ ఉన్న తేడా కొన్ని నిమిషాలు.

ఇక్కడికి వచ్చేసరికి కాగితం పక్కన పెట్టేశాను. మా చిన్నాన్న గుర్తొచ్చాడు.

భీమవరం దగ్గర మా ఊరు. నాకు పదేళ్లప్పుడు, సంక్రాంతికి, కోడిపందేల బరి పక్కన పందిట్లో కోతాట ఆడేవాళ్లు. కట్టలోంచి ఒక ముక్క కోసి, దానికి జోడీ వచ్చేదాకా లోన ఒకటి, బయట ఒకటి వేస్తూ పోతారు. జోడీ ఎటు పడితే అటు కాసినవాడు గెలిచినట్టు. దాదాపు సగం సగం ఆట, గెలిచినదాంట్లో ఆడించేవాడు తీసుకునే చిన్న వాటా తప్ప. చిన్నాన్న సార్వా ధాన్యం అమ్మిన డబ్బులో దాళ్వా పెట్టుబడికి తీసి ఉంచిన పదమూడు వందలు నడుముకు కట్టుకుని వెళ్లాడు. ఆయన పద్ధతి ఎవరూ తప్పుపట్టలేనంత నిదానమైనది. లోన మీద పది రూపాయలు. పోతే ఇరవై, పోతే నలభై. ఎప్పుడు గెలిచినా పోయినవన్నీ తిరిగొచ్చి పైన పది మిగులుతుంది. భోగినాడు నాకు జీళ్లు, చెల్లికి గాజులు కొనిపెట్టాడు. "ఇది జూదం కాదురా, ఓపిక" అన్నాడు. ఆయన ముఖంలో దురాశ అనేది లేదు. ఒక్కసారి పదే కదా ఆడుతున్నాడు.

సంక్రాంతి మధ్యాహ్నం వరసగా ఏడుసార్లు బయట పడింది. పది, ఇరవై, నలభై, ఎనభై, నూట అరవై, మూడు వందల ఇరవై, ఆరు వందల నలభై. మొత్తం పన్నెండు వందల డెబ్బై. చిన్నాన్న పరుగున ఇంటికొచ్చి మా నాన్నను పన్నెండు వందల ఎనభై అడిగాడు. "ఎనిమిదోసారి లోన పడక తప్పదన్నయ్యా" అన్నాడు. నాన్న ఇవ్వలేదు. చిన్నాన్న తిరిగి వెళ్లేసరికి తర్వాతి ఆట అయిపోయింది. జోడీ లోనే పడింది.

ఆ ఏడాది ఆయన దాళ్వా వేయలేదు. బతికినన్నాళ్లూ ఒకటే మాట: అన్నయ్య ఆ రోజు ఇచ్చి ఉంటే. నేనూ అదే నమ్మాను. నా సంచి సిద్ధాంతం పుట్టింది ఆ పందిట్లోనే. నాన్నను ఆ ఒక్క విషయంలో తప్పుపడుతూనే ఇంత వయసొచ్చింది.

ఈ వారం లెక్క వేశాను. సగం సగం ఆటలో వరసగా ఏడు పోవడం 128లో ఒక్కసారి జరుగుతుంది. ఆ ఒక్కసారికి పోయేది 1270, మిగతా 127 సార్లు వచ్చేది పదేసి చొప్పున సరిగ్గా 1270. ఆడించేవాడి వాటా తీస్తే అంతకు తక్కువే. రోజంతా పదితో మొదలయ్యే విడతలు నూరు ఆడితే, అందులో ఎక్కడో ఒకచోట ఏడు వరసగా పోయే అవకాశం సగానికి కాస్త ఎక్కువే. ఎనిమిదో మెట్టు కావాలంటే సంచి రెట్టింపు కావాలి. అప్పుడు ప్రమాదం 256లో ఒకటి అవుతుంది, పోయే సొమ్మూ రెట్టింపవుతుంది. ప్రమాదం సగమై, దెబ్బ రెండింతలైతే లాభమేముంది? గెలుస్తూ గెలుస్తూ సంచిని తనంతట తనే రెట్టింపు చేసుకుందామంటే, మధ్యలో ఏడు వరసగా పోకుండా 127 గెలుపులు కావాలి. ఆ అవకాశం నూటికి ముప్పై ఏడు. మొత్తం సొమ్ము ఒకేసారి లోన మీద పెట్టినా నూటికి యాభై ఉండేది. నిదానం అనుకున్న దారి తెగింపు దారికన్నా అధ్వానం. ముక్కలకు వెనకటి ఏడు ఆటలు గుర్తుండవు కాబట్టి ఎనిమిదోది లోన పడటం ఎంతమాత్రం ఖాయం కాదు. అది పడింది, అంతే.

కుర్రాడి బంగారం ముక్కల కట్టకన్నా మొండిది. ముక్కల్లో ఒక ఆటకూ ఇంకో ఆటకూ సంబంధం లేదు. బజార్లో పతనమే పతనాన్ని లాగుతుంది, ఎందుకంటే స్టాప్ ఔట్ అయిన ప్రతివాడూ అమ్మేవాడే.

పెద్ద సంచి ఏం చేస్తుందో మా నూనె వ్యాపారం 2004లోనే చూసింది. చైనాకు విమాన ఇంధనం దిగుమతి చేసే ప్రభుత్వరంగ కంపెనీ చైనా ఏవియేషన్ ఆయిల్ సింగపూర్‌లో ఉండేది. నూనె ధర పెరగదన్న అంచనాతో 2003 చివర్లో ఆప్షన్లు అమ్మింది. ధర పెరిగింది. 2004 మొదట్లో నష్టం 58 లక్షల డాలర్లు. ఆ కంపెనీకి అది దోమకాటు. ఒప్పుకుని మూసేయకుండా, పాత ఆప్షన్లను తిరిగి కొనడానికి ఇంకా ఎక్కువ ఆప్షన్లు, ఇంకా ఎక్కువ గడువుకు అమ్మారు. జనవరిలో, జూన్‌లో, సెప్టెంబరులో, మూడుసార్లు అదే పని. కొత్తగా అమ్మినప్పుడల్లా డబ్బు చేతికొచ్చి, నష్టం పుస్తకాల్లో కనబడకుండా పోయేది. అక్టోబరుకు పందెం ఐదు కోట్ల పీపాలు దాటింది. అప్పుడు మాతృసంస్థ తన వాటాలో 15 శాతం అమ్మి, కొన్నవాళ్లకు నష్టాల సంగతి చెప్పకుండానే, పది కోట్ల డాలర్లకు పైగా తెచ్చి ఇచ్చింది. అదే ఇంకొక్క మెట్టు. ఆ నెలాఖరుకు న్యూయార్క్‌లో ధర 55 డాలర్లు దాటింది. నవంబరు చివర ప్రకటించిన నష్టం 55 కోట్ల డాలర్లు. డిసెంబరులో ధర 45 కిందికి దిగివచ్చింది. వాళ్ల జోడీ కూడా లోనే పడింది, వాళ్లు పందిట్లో లేనప్పుడు. కంపెనీ అధిపతి చెన్ జియులిన్ 2006లో జైలుకెళ్లాడు.

మా అమ్మ ధర తగ్గినప్పుడల్లా కాసు బంగారం కొనేది. అదీ యావరేజే, కానీ ఎప్పుడూ ఒక్క కాసే, చేతిలో ఉన్న డబ్బుతోనే. ఏ ధరకూ ఆమె ఇంటి బంగారాన్ని ఇంకొకడు వచ్చి అమ్మేయలేడు. మెట్టు రెట్టింపై, వెనక అప్పు ఉన్నప్పుడే ఇది వేరే ఆట అవుతుంది.

బాబూ, ఫోన్లో నువ్వు చూపించిన గీత బ్యాలెన్స్‌ది, అంటే మూసేసిన ట్రేడ్‌లది. తెరిచి ఉన్న నష్టాలు ఈక్విటీ గీతలో ఉంటాయి. నివేదికలో అది ఉందేమో చూడు. మూడు వేల నుంచి అది ఏయే వారాల్లో ఎంత కిందికి దిగి వచ్చిందో చూడు. తర్వాత లాట్ల వరస చదువు: 0.01, 0.02, 0.04 అని వస్తుందా, 0.64 దాకా ఎన్నిసార్లు వెళ్లింది? ఆ 0.64 నలభై ఒక్క వారాల్లో రెండుసార్లు కనిపించినా చాలు, నువ్వు చివరి మెట్టు మీద రెండుసార్లు నిలబడి వచ్చావన్నమాట.

వచ్చే ఆదివారం అదే చోట ఉంటాను. ఆ పదకొండు వేలు తేవడం లేదు. మా నాన్న ఆ రోజు చేసింది సరైన పని.