తురీయం నాలుగో గది కాదు

కొండాపూర్‌లో ఒక అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లో ఆదివారం పొద్దున్నే మాండూక్యోపనిషత్తు పాఠం జరిగేది. చెప్పేది రిటైరైన సంస్కృతం మాస్టారు. కూర్చునే వాళ్లలో సగం మంది హైటెక్ సిటీ ఆఫీసుల్లో పనిచేసేవాళ్లే. అథర్వవేదానికి చెందిన ఈ ఉపనిషత్తులో ఉన్నవి 12 మంత్రాలు. వాటిని చెప్పడానికి మాస్టారు ఏడాదిన్నర తీసుకున్నారు, ఒక్క ఏడో మంత్రానికే మూడు నెలలు. అలాంటి పాఠం మళ్లీ వింటానన్న ఆశ నాకు లేదు.

ఒకరోజు నైట్ షిఫ్ట్ దిగి వచ్చిన కుర్రాడొకడు తన కల చెప్పాడు. కలలో సర్వర్ పడిపోయిందట, మేనేజర్ ఫోన్లో అరుస్తున్నాడట. మాస్టారు ఎంతో ఇష్టంగా విన్నారు.

"కర్టెన్లు వేసి ఉన్నాయి, కళ్లు మూసి ఉన్నాయి. ఆ సర్వర్ ఏ వెలుగులో కనిపించింది నాయనా?"

కుర్రాడు ఆలోచనలో పడ్డాడు. సర్వర్, మేనేజర్, వణికిపోతున్న తను, అందరూ పగటి గుర్తులతో తయారైనవాళ్లే. వాళ్లని చూపించిన వెలుగు మాత్రం బయటిది కాదు. అందుకే కలగనేవాణ్ణి ఉపనిషత్తు తైజసుడంది. బయటి వస్తువుల్ని అనుభవించే మెలకువవాడు విశ్వుడు.

"కల తర్వాత?"

"ఒళ్లు తెలియకుండా నిద్రపోయాను సార్."

"ఏమీ తెలియలేదంటున్నావు. ఆ తెలియకపోవడం నీకెలా తెలిసింది?"

హాల్లో ఎవరూ మాట్లాడలేదు. రోజూ మన నోట వచ్చే మాటే కదా అది! సుషుప్తిలో చూడటానికి రెండో వస్తువు లేదు. అయినా లేచాక హాయిగా నిద్రపట్టిందని సాక్ష్యం చెబుతాం. లేనివాడు సాక్ష్యం చెప్పలేడు. ఆ నిద్రలో ఉన్నవాడికి పెట్టిన పేరు ప్రాజ్ఞుడు.

మరి నాలుగోది? చాలామంది తడబడేది ఇక్కడే. నాలుగు పాదాలంటే ఆవు కాళ్లలాగా విడివిడిగా ఉన్నవి కావని, కార్షాపణమనే పాతకాలపు నాణెం భాగాల్లాంటివని శంకరులు భాష్యంలో స్పష్టంగా చెప్పారు. మన భాషలో చెప్పుకుంటే పావలా అర్ధరూపాయిలో, అర్ధరూపాయి ముప్పావలాలో, అన్నీ కలిసి రూపాయిలో ఇమిడిపోతాయి. రూపాయి ఇంకో పావలా కాదు. తురీయం కూడా మూడు గదులు దాటాక వచ్చే నాలుగో గది కాదు, మూడింటిలోనూ ఉన్నది అదే. కాబట్టే ఏడో మంత్రం దాన్ని తెచ్చివ్వదు. లోచూపు కాదు, బయటిచూపు కాదు, నిద్రలోని ముద్ద కట్టిన తెలివీ కాదు అంటూ ఒక్కొక్కటే తోసేస్తుంది. పాము కాదని తేలాక తాడును కొత్తగా పేనాల్సిన పని ఉండదు.

ఇక గౌడపాదులు! శంకరుల గురువుకు గురువని సంప్రదాయం చెప్పే ఆ మహానుభావుడు ఈ 12 మంత్రాల మీద 215 కారికలు అల్లారు. అందులో ఒక చోట ఆయన వేసిన కోత చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. ప్రాజ్ఞుడికీ రెండోది కనిపించదు, తురీయంలోనూ రెండోది లేదు. అయితే తేడా ఏమిటి? నిద్రలో విత్తనం ఉంది, తురీయంలో విత్తనం లేదు. ఉన్నది ఉన్నట్టు తెలియకపోవడమే ఆ విత్తనం. అది మిగిలింది కాబట్టే లేవగానే అదే కోపం, అదే అప్పు, అదే భయం మళ్లీ మొలకెత్తుతాయి.

ఈ కోత తెలియకపోవడం వల్లే నేడు మన ఐటీ కారిడార్‌లో తురీయం వారాంతపు సరుకైపోయింది. రెండు రోజుల శిబిరం, మెత్తటి సంగీతం, ఆఖర్న సర్టిఫికెట్. అలాంటి ఒక చోటికి నేనూ వెళ్లాను. ఇరవై నిమిషాలు ఏమీ తోచలేదని ఒకాయన చెబితే, నాలుగో స్థితి అందుకున్నారంటూ చప్పట్లు కొట్టించారు. బయటికొచ్చాక పార్కింగ్‌లో డ్రైవర్ మీద ఆయన విరుచుకుపడటం నేను చూశాను. ఆయన తప్పేం లేదు. ఆయనకు కలిగింది లయం, అంటే మనసు నిద్రలోకి జారిపోవడం. లయంలోకి జారే మనసును తట్టి లేపమని, అందులోని సుఖాన్ని చప్పరిస్తూ ఉండిపోవద్దని గౌడపాదులు మూడో ప్రకరణంలో ఎప్పుడో హెచ్చరించారు. ఆ ఒక్క మాట చెప్పకుండా డబ్బు తీసుకోవడం అన్యాయం. మెదడు తరంగాల బొమ్మ చూపించి ఇదే తురీయమనడం మరీ దారుణం. బొమ్మలో కనిపించేది ఏదైనా చూడబడేదే, చూసేది కాదు.

నాకు ఓపిక నశించింది కాబట్టి గట్టిగానే అంటున్నాను. భాష్యం పక్కన పెట్టి మాండూక్యం చెప్పేవాళ్ల దగ్గరికి వెళ్లకండి. ఎవరైనా తురీయం అనుభవంలోకి తెస్తామంటే ఒక్క ప్రశ్న అడగండి: అది వచ్చి పోయేదేనా? అవునంటే అది మూడింటిలో ఒకటే, ఫీజు కట్టకుండా లేచి రండి.