దగ్గరి దారి వద్దు, వెడల్పాటి దారి కావాలి

ఒక విశ్వవిద్యాలయ క్యాంపస్‌లో మూడు రూటర్లున్నాయనుకుందాం. ఒకటి డేటా సెంటర్‌లో, ఒకటి లైబ్రరీలో, మూడోది హాస్టళ్ల దగ్గర. డేటా సెంటర్ నుంచి లైబ్రరీకి, అక్కడి నుంచి హాస్టళ్లకు కొత్తగా వేసిన 10 గిగాబిట్ ఫైబర్ ఉంది. డేటా సెంటర్ నుంచి హాస్టళ్లకు నేరుగా వెళ్లే పాత 1 గిగాబిట్ లింకు కూడా ఉంది. రాత్రి పిల్లలంతా వీడియోలు పెట్టగానే పాత లింకు నిండిపోయి ప్యాకెట్లు రాలిపోతుంటాయి. అదే సమయంలో కొత్త ఫైబర్ దాదాపు ఖాళీగా ఉంటుంది. ఇందులో రూటర్ల తప్పేమీ లేదు. వాటికి మనం ఇచ్చిన లెక్కే అలాంటిది.

ఓఎస్‌పీఎఫ్‌లో ప్రతి లింకుకూ కాస్ట్ అనే ఒక అంకె ఉంటుంది. వెళ్లే దారిలో ప్రతి రూటర్ నుంచి బయటికి పోయే ఇంటర్‌ఫేస్ కాస్ట్‌ను కూడుకుంటూ పోయి, మొత్తం తక్కువ వచ్చిన దారిని రూటర్ ఎంచుకుంటుంది. దానికి వాడే పద్ధతి డైక్‌స్ట్రా 1959లో ప్రచురించినది. సిస్కో రూటర్లలో కాస్ట్ ఎలా వస్తుందంటే, రిఫరెన్స్ బ్యాండ్‌విడ్త్‌ను లింకు వేగంతో భాగిస్తారు. ఆ రిఫరెన్స్ మామూలుగా 100 మెగాబిట్లు. ఒకప్పుడు 100 మెగాబిట్లే గొప్ప వేగం కాబట్టి ఆ లెక్క సరిపోయింది. ఇప్పుడు 1 గిగాబిట్‌కు వచ్చేది 0.1, 10 గిగాబిట్‌కు 0.01. కాస్ట్ ఒకటి కన్నా తగ్గదు కాబట్టి రెండింటికీ 1 అనే పడుతుంది. అంటే నేరు దారి 1, లైబ్రరీ మీదుగా 2. రూటర్ నేరు దారే పట్టుకుంటుంది.

చాలామంది ఇక్కడ ఇంటర్‌ఫేస్ మీద `ip ospf cost` రాసి పని అయిందనుకుంటారు. ఒక్క లింకుకైతే నడుస్తుంది. కానీ ఇరవై భవనాలున్న క్యాంపస్‌లో చేత్తో రాసిన అంకెలు పేరుకుపోతే, ఏది ఎందుకు రాశారో రెండేళ్ల తర్వాత ఎవరికీ అర్థం కాదు. నా ఉద్దేశంలో ముందు కొలబద్దనే మార్చాలి:

```
router ospf 1
 auto-cost reference-bandwidth 100000
```

ఈ అంకె మెగాబిట్లలో ఉంటుంది, అంటే 100 గిగాబిట్లు. ఇప్పుడు 1 గిగాబిట్ లింకు 100, 10 గిగాబిట్ లింకు 10 అవుతాయి. నేరు దారి 100, లైబ్రరీ మీదుగా 20. రేపు 100 గిగాబిట్ లింకు వేసినా దానికి 1 వస్తుంది. ఈ మార్పుకు పొరుగు రూటర్ల మధ్య బంధం తెగదు, దారుల లెక్క మళ్లీ వేసుకుంటాయంతే.

దీన్ని అన్ని రూటర్లలోనూ మార్చాలి. డేటా సెంటర్ రూటర్‌లో మాత్రమే మార్చి ఆపేశామనుకోండి. అటు నుంచి చూస్తే నేరు దారి 100, లైబ్రరీ మీదుగా తన 10, లైబ్రరీ రూటర్ పాత లెక్కలోని 1, మొత్తం 11. కాబట్టి హాస్టల్‌కు వెళ్లే ట్రాఫిక్ లైబ్రరీ మీదుగా పోతుంది. హాస్టల్ రూటర్‌కు మాత్రం నేరు దారి ఇంకా 1, లైబ్రరీ దారి 2. తిరుగు ట్రాఫిక్ పాత లింకు మీదే వస్తుంది. పోయే దారి, వచ్చే దారి వేరైతే ఇంటర్నెట్ చాలావరకు పనిచేస్తూనే ఉంటుంది, అందుకే ఎవరికీ తెలియదు. మధ్యలో కనెక్షన్ల స్థితిని గుర్తుపెట్టుకునే ఫైర్‌వాల్ ఉంటే మాత్రం, సగం సంభాషణే చూసి కనెక్షన్లను తెంపేస్తుంది. అప్పుడు పింగ్ వెళ్తుంది, వెబ్ పేజీ తెరుచుకోదు లాంటి ఫిర్యాదులు వస్తాయి. అందుకే ట్రేస్‌రూట్ రెండు వైపుల నుంచీ చేసి చూడాలి.

సరిచూడడానికి ఈ రెండూ చాలు:

```
show ip ospf interface brief
show ip route ospf
```

మొదటిదానిలో కాస్ట్ కాలమ్ చూడాలి. రెండోదానిలో హాస్టల్ నెట్‌వర్క్ పక్కన `[110/120]` వంటి అంకె కనబడుతుంది. 110 ఓఎస్‌పీఎఫ్ మార్గాల ప్రాధాన్యం, 120 మొత్తం కాస్ట్. హాస్టల్ నెట్‌వర్క్ 1 గిగాబిట్ ఇంటర్‌ఫేస్ వెనుక ఉంటే దారి 20కి దాని 100 కలిసి 120 అయింది. పాత దారిలో వెళ్తుంటే 200 కనబడేది.

చేత్తో కాస్ట్ రాయాల్సిన సందర్భాలూ ఉంటాయి. అప్పుడు సమానం కాకుండా చూసుకోవాలి. నేరు లింకుకు 20 రాస్తే లైబ్రరీ దారితో సరిసమానమవుతుంది. ఓఎస్‌పీఎఫ్ రెండింటినీ మంచి దారులే అనుకుని ట్రాఫిక్‌ను ఇంచుమించు చెరి సగం పంచుతుంది. పది రెట్లు వెడల్పున్న దారికీ సగమే, ఇరుకు దారికీ సగమే. ఆ ఇరుకు లింకు మళ్లీ నిండుతుంది.

ఇదంతా చేసినా కాస్ట్‌కు రద్దీ తెలియదు. లైబ్రరీ దారి నిండిపోతే ఓఎస్‌పీఎఫ్ దానంతటది నేరు లింకుకు మళ్లదు, లింకు తెగితేనే మళ్లుతుంది. ఏరియాల విషయంలోనూ ఒక హద్దుంది. ఒకే ఏరియాలో ఉన్న దారిని, వేరే ఏరియా మీదుగా వచ్చే దారి కన్నా ఓఎస్‌పీఎఫ్ ఎప్పుడూ ముందు ఎంచుకుంటుంది, కాస్ట్ ఎంత ఎక్కువైనా సరే. అంకెలన్నీ సరిగ్గా ఉన్నా ట్రాఫిక్ పాత లింకును వదలకపోతే, ఆ రెండు లింకులు ఏ ఏరియాలో ఉన్నాయో ముందు చూడాలి.