కుట్టు కనిపించని అతుకు

మా బావమరిది మొన్న విజయవాడలో నో కాస్ట్ ఈఎంఐ మీద కొన్న ఫోను తాలూకు చార్జ్ స్లిప్పు నా ముందుంది. కార్డు గీకే మెషీన్లోంచి వచ్చే ఆ సన్నటి కాగితం మామూలుగా షాపు మెట్లు దిగేలోపే చెత్తబుట్టకి చేరుతుంది. వాడు పర్సులో మడిచి పెట్టుకున్నాడు కాబట్టి నా చేతికొచ్చింది. రెండుసార్లు చదివాను. రఫూ చేసిన పట్టుచీరని వెలుతురుకి ఎత్తిపట్టి, చిరుగు ఎక్కడుందా అని వెతుక్కున్నట్టయింది. నో కాస్ట్ ఈఎంఐని కొందరు మోసం అంటారు. నాకు మాత్రం ముందు పనితనమే కనిపించింది.

షాపులో జరిగిన మాట ఇంతే. "వడ్డీ పైసా లేదన్నా. ముప్పై వేల ఫోను, నెలకి అయిదు వేలు, ఆరు నెలలు." అయిదారులు ముప్పై. ఈ లెక్కలో తప్పు పట్టడానికి లేదు.

స్లిప్పు మీద వేరే కథ ఉంది. అప్పు 28,648 రూపాయలు. వడ్డీ ఏడాదికి 16 శాతం. వాయిదా 5,000. అంటే వడ్డీ ఉంది. ఆరు నెలలకి కలిపి 1,352 రూపాయలు. ముప్పై వేలలోంచి సరిగ్గా అంతే మొత్తాన్ని ముందే డిస్కౌంటుగా కోసి, మిగిలినదాన్నే బ్యాంకు అప్పుగా రాసింది. మనం వడ్డీ లెక్క మామూలుగా ముందుకి వేస్తాం: ఇంత అప్పుకి ఇంత వడ్డీ, మొత్తం ఇంత అని. ఇక్కడ వెనక్కి నడిచారు. చివరికి ముప్పై వేలు తేలాలి, 16 శాతం వడ్డీతో ఆరు వాయిదాల్లో అక్కడికి చేరాలంటే అప్పు ఎంత రాయాలి? 28,648. బ్యాంకుకి దాని వడ్డీ దానికి వస్తుంది, కొన్నవాడికి అది కనపడదు. ఆ 1,352 భరించేది ఫోను కంపెనీయో, అమ్మేవాడో. వాళ్ళు ఆ డబ్బుని తమ లాభంలోంచి తీస్తారు.

ఇంత చుట్టు తిరగాల్సిన అవసరం ఎందుకొచ్చిందంటే, 2013 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు 'సున్నా శాతం వడ్డీ' అనేదే లేదని తేల్చేసింది. అప్పటి పథకాల్లో వడ్డీని ప్రాసెసింగ్ ఫీజు ముసుగులో వసూలు చేస్తున్నారని చెప్పి, వాటికి అడ్డుకట్ట వేసింది. దాంతో వడ్డీని దాచడం మానేసి, పక్కనే అంతే డిస్కౌంటు నిలబెట్టారు. 2022లో వచ్చిన క్రెడిట్ కార్డు నిబంధనలైతే అసలు, వడ్డీ, డిస్కౌంటు మూడూ ఈఎంఐగా మార్చకముందే విడివిడిగా చూపించాలన్నాయి. బిల్లులో కూడా చూపించాలి. కాబట్టి ఇందులో రహస్యమేమీ లేదు. కావలసిందల్లా స్లిప్పు చదివే ఓపిక.

ఇప్పుడు అతుకు ఎక్కడ బయటపడుతుందో చూద్దాం. డిస్కౌంటు వడ్డీని మాత్రమే కప్పింది. కార్డు మీద వడ్డీకి 18 శాతం జీఎస్టీ ఉంది, దాన్ని ఎవరూ కప్పలేదు. మా వాడి బిల్లులో అది మొదటి నెల 69 రూపాయలు పడింది. నెలనెలా తగ్గుతూ ఆరో నెలకి 12 అవుతుంది. అంతా కలిపితే 243. ఇంత చిన్న అంకె బిల్లు అడుగున పడితే ఎవరి కంటికీ ఆనదు. దీనికి తోడు ప్రాసెసింగ్ ఫీజు 199, దాని మీదా జీఎస్టీ, వెరసి 235. రెండూ కలిపి 478 రూపాయలు. అంటే ఫోను 30,478 పడింది.

ఇంతటితో ఆగితే నేను కూడా "పోనీలే" అనేవాణ్ణే. ఆరు నెలల వెసులుబాటుకి 478 ఎక్కువేం కాదు. అసలు అతుకు మాత్రం స్లిప్పు మీద లేదు, ఉండదు కూడా. నేను మర్నాడు అదే షాపుకి వెళ్ళి అదే ఫోను చూపించి, ఈఎంఐ మాట ఎత్తకుండా, "ఇప్పుడే మొత్తం కట్టేస్తే ఎంతకిస్తారు?" అని అడిగాను. కుర్రాడు కాలిక్యులేటర్ మీద ఏదో నొక్కి లోపలికి వెళ్ళొచ్చాడు. "ఇరవై ఎనిమిదిన్నరకి చేద్దాం సార్" అన్నాడు.

మా వాడికి ఆ 1,500 తగ్గింపు ఎందుకు రాలేదంటే, వాళ్ళు తగ్గించగలిగే డబ్బుని అప్పటికే వడ్డీ పూడ్చడానికి వాడేశారు. తగ్గించే జేబు ఒక్కటే. నగదు కట్టేవాడికైతే అది ధరలో తగ్గుతుంది, వాయిదాలవాడికైతే బ్యాంకు వడ్డీకి పోతుంది. రెండు తగ్గింపులూ కలిపి ఇచ్చే చోట్లు అరుదు. ఆన్‌లైన్లోనూ అంతే: చాలాసార్లు కూపనో, కార్డు తక్షణ తగ్గింపో ఎంచుకోగానే నో కాస్ట్ వరస మాయమవుతుంది. జేబు ఒక్కటే అనడానికి ఆ మాయమవడమే గుర్తు.

కాబట్టి పోల్చాల్సింది 30,000తో 30,478ని కాదు, 28,500తో. తేడా 1,978 రూపాయలు. దీన్ని వడ్డీ రేటుగా మార్చుకోవడానికి కంప్యూటరు అక్కర్లేదు. నెలనెలా తీర్చుకుంటూ పోతాం కాబట్టి డబ్బంతా ఆరు నెలలూ మన దగ్గర ఉండదు. వాయిదాల సంఖ్యకి ఒకటి కలిపి సగం చేస్తే మూడున్నర. సగటున మొత్తం సొమ్ము మన చేతిలో ఉండేది మూడున్నర నెలలే. 28,500 మీద 1,978 అంటే దాదాపు 7 శాతం. దాన్ని మూడున్నరతో భాగించి పన్నెండుతో హెచ్చవేస్తే ఏడాదికి దగ్గర దగ్గర 24 శాతం. రూపాయిన్నర వడ్డీకిచ్చే ఊరి ఆసామి దగ్గర కూడా ఏడాదికి 18 శాతమే. ఆయన కనీసం ఫ్రీ అనడు, నోటు రాయించుకుంటాడు.

అలాగని ప్రతి నో కాస్ట్ ఈఎంఐ ఇంతే అనుకోకూడదు. కొత్తగా విడుదలైన మోడల్‌కి ఒక్కోసారి ఎవరూ రూపాయి తగ్గించరు. మొత్తం కట్టినా ముప్పై వేలే అంటారు. అప్పుడు అదనం ఆ 478 మాత్రమే. అదే పద్ధతిలో లెక్కేస్తే ఏడాదికి అయిదున్నర శాతం తేలుతుంది. అంత చవకగా బయట అప్పు పుట్టదు. అలాంటప్పుడు నేనైనా వాయిదాలే కట్టుకుంటాను. రెండు సందర్భాల్లోనూ స్లిప్పు మాత్రం అక్షరం తేడా లేకుండా ఒకటే. తేడా అంతా నగదు ధరలో ఉంది, దాన్ని అడిగి తెలుసుకోవాలి. అదీ ఈఎంఐ ఊసెత్తకముందే. వాయిదాలకి వచ్చాడని తెలిశాక ధర తగ్గించాలన్న తొందర వాళ్ళకి ఉండదు.

ఇంకా రెండు చిన్న పోగులున్నాయి. చాలా కార్డులు ఈఎంఐ కొనుగోళ్ళకి రివార్డు పాయింట్లు ఇవ్వవు. ఫోను వాపసు చేస్తే ప్రాసెసింగ్ ఫీజు, అప్పటిదాకా పడిన జీఎస్టీ సాధారణంగా వెనక్కి రావు.

బావమరిదికి ఇదంతా చెబితే, "ముందే చెప్పాల్సింది బావా" అన్నాడు. ఆ స్లిప్పు వేడికి అచ్చయ్యే కాగితం, అప్పుడే అంచులు వెలిసిపోతున్నాయి. 28,648 ఇంకా కనపడుతుండగానే ఫోటో తీసి పెట్టుకున్నాను, వాడి కొత్త ఫోనుతోనే.