కోనసీమ పంట విరామం: పూర్వ అధ్యయనాలతో పోల్చే పేరాలో ఏకీభావ, వైరుధ్యాల వివరణ

ప్రస్తావన

సిద్ధాంత గ్రంథాల్లో చర్చాధ్యాయం తరచుగా రెండు క్రియల మీద నడుస్తుంది. ఒకటి ‘ఏకీభవిస్తున్నది’, రెండవది ‘విభేదిస్తున్నది’. పరిశోధకుడు తన ఫలితాన్ని చెప్పి, దాని పక్కన పూర్వ అధ్యయనాలను ఈ రెండు క్రియల కింద వరుసగా పేరుస్తాడు. ఎందుకు ఏకీభవిస్తున్నది, ఏ మేరకు విభేదిస్తున్నది అన్న ప్రశ్నలకు అక్కడ సమాధానం ఉండదు. ఈ లోపం శైలికి సంబంధించినది మాత్రమే కాదు. కొన్ని సందర్భాల్లో అది నిర్ధారణనే తారుమారు చేస్తుంది. కోనసీమ రైతుల పంట విరామ ఉద్యమం ఇందుకు తగిన ఉదాహరణ.

సందర్భం

2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు వేలాది ఎకరాల్లో వరి నాట్లు వేయకుండా పంట విరామం ప్రకటించారు. ఆ ఏడాది సాధారణ రకం ధాన్యానికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 1080 రూపాయలు. అది సాగు ఖర్చుకు చాలదని, మురుగు కాలువలు పూడిపోయి చేలు మునుగుతున్నాయని, కూలీలు దొరకడం లేదని రైతులు చెప్పారు. ఉపాధి హామీ పథకాన్ని వ్యవసాయ పనులతో అనుసంధానించాలన్నది వారి కోరికల్లో ఒకటి. రాష్ట్ర ప్రభుత్వం మాజీ ప్రధాన కార్యదర్శి మోహన్ కందా అధ్యక్షతన కమిటీని నియమించింది. 2022లో కోనసీమలో పంట విరామం మాట మళ్ళీ వినిపించింది.

అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల్లో రైతులను ప్రశ్నించిన పరిశోధన ఒకటి ఉన్నదనీ, అందులో అధికులు సార్వా నాట్ల వేళ కూలీల కొరతకు ఉపాధి హామీని కారణంగా చూపారనీ అనుకుందాం. ఈ క్షేత్ర ఫలితం, కింది రెండు పేరాలు విశ్లేషణ కోసం కూర్చినవి. వాటిలో ప్రస్తావించిన పూర్వ అధ్యయనాలు మాత్రం వాస్తవమైనవి.

మొదటి రూపం

“ఉపాధి హామీ పథకం వల్ల నాట్ల సమయంలో కూలీల కొరత ఏర్పడిందని రైతులు తెలిపారు. మోహన్ కందా కమిటీ ఎదుట రైతులు చెప్పిన అభిప్రాయంతో ఈ ఫలితం ఏకీభవిస్తున్నది. పథకం వల్ల కూలి రేట్లు పెరిగాయన్న ఇంబేర్, పాప్ (2015) అధ్యయనంతో కూడా ఏకీభవిస్తున్నది. జిమ్మర్‌మాన్ (2012) అధ్యయనంతో విభేదిస్తున్నది.”

ఇందులో వ్యాకరణ దోషం లేదు, అధ్యయనాల పేర్లు సరైనవే. అయినా మూడు పోలికల్లో ఏ ఒక్కటీ నిలవదు.

ఏకీభావాల పరిశీలన

మొదటి పోలికను చూస్తే, కమిటీ ఎదుట మాట్లాడినవారూ రైతులే, పరిశోధకునికి సమాధానం చెప్పినవారూ రైతులే. ఒకే వర్గం ఒకే అభిప్రాయాన్ని రెండుసార్లు వ్యక్తం చేస్తే ఆ అభిప్రాయం స్థిరంగా ఉన్నదని తెలుస్తుంది. ఆ అభిప్రాయంలో చెప్పిన కారణం నిజమని మాత్రం రుజువు కాదు. ఈ పోలికలో వ్యవసాయ కూలీల మాట లేదు. కాబట్టి దీన్ని స్వతంత్ర ధ్రువీకరణగా లెక్కించరాదు.

రెండవ పోలిక మరింత జాగ్రత్తగా చూడవలసినది. క్లెమాన్ ఇంబేర్, జాన్ పాప్ జాతీయ నమూనా సర్వేల ఆధారంగా 2004–05, 2007–08 సంవత్సరాలను పోల్చారు. పథకం ముందుగా అమలైన జిల్లాలను ఆలస్యంగా అమలైన జిల్లాల పక్కన నిలిపారు. రోజు కూలి సుమారు 4.7 శాతం పెరిగిందని వారు తేల్చింది జనవరి నుంచి జూన్ వరకు ఉండే పొడి కాలానికి మాత్రమే. జూలై తరువాతి వానకాలంలో చెప్పుకోదగిన ప్రభావం కనిపించలేదు. రైతుల ఫిర్యాదు సార్వా నాట్లది, అంటే ప్రధానంగా వానకాలానిది. పైకి ఏకీభావంగా కనిపించినది కాలాన్ని బట్టి చూస్తే వైరుధ్యం.

ఈ వైరుధ్యానికి స్థానిక వివరణ ఉన్నది. వర్షాధార జిల్లాల్లో పొడి కాలం అంటే పని లేని కాలం. గోదావరి కాలువల కింద ఉన్న కోనసీమలో ఏడాది తొలి నెలలు దాళ్వా సాగు, కోతల నెలలు. అంటే దేశ సగటులో ఖాళీ కాలంగా లెక్కించినది ఇక్కడ కూలీలకు గిరాకీ ఉన్న కాలం. పథకం పని దాళ్వా కోతలతో పోటీపడి కూలి రేటును పెంచితే, ఆ పెరిగిన రేటు సార్వా నాట్ల వరకూ దిగిరాకుండా నిలిచి ఉండవచ్చు. ఇది నిరూపించవలసిన ఊహ మాత్రమే. అయితే పరీక్షకు నిలిచే ఊహ.

వైరుధ్యం పరిశీలన

లారా జిమ్మర్‌మాన్ వెనుకబాటు సూచికలో అర్హత గీతకు అటూ ఇటూ ఉన్న జిల్లాలను మాత్రమే పోల్చి, కూలి రేట్లపై ప్రభావం స్వల్పమని చెప్పారు. ఇంబేర్, పాప్ పోల్చినది ముందు దశల జిల్లాలన్నింటినీ చివరి దశ జిల్లాలతో. రెండు అధ్యయనాలు అడిగిన ప్రశ్న ఒకటే అయినా సమాధానం వర్తించే జిల్లాలు వేరు. పైగా రెండూ కూలి రేటును కొలిచాయి. రైతులు చెప్పినది కొరతను. పాత రేటుకు మనిషి దొరకకపోవడాన్ని రైతు కొరత అంటాడు, సర్వే దాన్ని రేటు పెరుగుదలగా నమోదు చేస్తుంది. కూలీలు గల్ఫ్ దేశాలకు వలసపోవడం వల్ల కూడా అదే కొరత కలగవచ్చు. ఈ రెండు కారణాలను రైతుల సమాధానాలు విడదీయలేవు.

తిరగరాసిన రూపం

“కూలీల కొరతకు ఉపాధి హామీ కారణమని రైతులు భావిస్తున్నారు. మోహన్ కందా కమిటీ ఎదుటా రైతులు ఇదే చెప్పారు. అయితే రెండు చోట్లా సాక్షులు ఒకే వర్గం కనుక ఈ పోలిక అభిప్రాయపు స్థిరత్వాన్నే తెలుపుతుంది. పథకం వల్ల కూలి పెరిగిందన్న ఇంబేర్, పాప్ (2015) ఫలితం పొడి కాలానికి పరిమితం. ప్రస్తుత ఫలితం వానకాలపు నాట్లది. దాళ్వా సాగు వల్ల కోనసీమలో పొడి కాలం ఖాళీ కాలం కాకపోవడం ఈ తేడాకు ఒక వివరణ కావచ్చు. ఆ వివరణ సరైనదైతే, పథకం ప్రవేశించాక కూలి రేట్లు ముందుగా దాళ్వా కోతల్లో పెరిగి ఉండాలి. జిమ్మర్‌మాన్ (2012) స్వల్ప ప్రభావాన్నే గుర్తించారు. ఆ అంచనా అర్హత గీత దగ్గరి జిల్లాలది కనుక ప్రస్తుత ఫలితాన్ని నేరుగా ఖండించదు. ప్రస్తుత అధ్యయనం కూలి రేట్లను కొలవలేదు కనుక పథకం ప్రభావాన్ని వలస ప్రభావం నుంచి వేరుచేయలేదు.”

వివరణకు పరీక్ష

వివరణ పేరుతో ఏదైనా చెప్పవచ్చునన్న ప్రమాదం తిరగరాతలోనూ ఉన్నది. తప్పని తేలగల అవకాశం లేని వివరణ కొత్త జాబితాగానే మిగులుతుంది. పై పేరాలోని కాల సంబంధ వివరణ తప్పని తేలగలదు. తూర్పు గోదావరి జిల్లాలో పథకం 2007 ఏప్రిల్‌లో రెండవ దశలో మొదలైంది. నదికి ఆవల అదే డెల్టాలోని పశ్చిమ గోదావరిలో 2008 ఏప్రిల్‌లో మూడవ దశలో వచ్చింది. రెండు జిల్లాల్లోనూ పంటలు, కాలువల క్రమం ఇంచుమించు ఒకటే. 2008 దాళ్వా కోతలు చాలామేరకు పశ్చిమాన పథకం పుంజుకోకముందే జరిగి ఉంటాయి. ఆ కోతల కూలి రేటు గోదావరికి తూర్పున ఎక్కువగా పెరగకపోతే వివరణను వదులుకోవాలి. 2011 నాటికి రెండు చోట్లా పథకం ఉన్నందున ఆ ఏటి రేట్లు ఈ పరీక్షకు పనికిరావు.

ముగింపు

మొదటి పేరా చదివిన పరీక్షకుడు ఉపాధి హామీయే పంట విరామానికి మూలమని, అందుకు రెండు అధ్యయనాల మద్దతు ఉన్నదని గ్రహిస్తాడు. తిరగరాసిన పేరా చదివినవాడు ఆ కారణం ఇంకా తేలలేదని, తేలాలంటే ఏ నెలల కూలి రేట్లు కావాలో గ్రహిస్తాడు. రెండింటిలోనూ క్షేత్ర సమాచారం ఒకటే, ఉదహరించిన అధ్యయనాలూ అవే. పథకాన్ని నాట్ల వేళ ఆపాలా వద్దా అన్నది కూలీల జీవనానికి సంబంధించిన నిర్ణయం. ‘ఏకీభవిస్తున్నది’ అన్న ఒక్క క్రియ ఆధారంగా ఆ నిర్ణయానికి సిఫారసు చేయడానికి మొదటి పేరా వీలు కల్పిస్తుంది, రెండవది కల్పించదు.