పదమూడో అంకె కాపలా

కౌంటర్‌లో కొత్తగా చేరినవాళ్లకి,

స్కానర్ పట్టుకునే ముందు ఒక సబ్బు ప్యాకెట్ తిప్పి చూడండి. నల్లగీతల కింద 13 అంకెలుంటాయి. అసలు పనితనమంతా వాటిలో చివరిదానిలో ఉంది.

ఉదాహరణకి 8901234567890 తీసుకోండి. చివరి సున్నా పక్కనపెట్టి, ఎడమనుంచి ఒకటి, మూడు, ఐదు... ఇలా బేసి స్థానాల్లోని అంకెలు కూడితే 28. సరి స్థానాలవి కూడితే 34, దాన్ని మూడుతో హెచ్చవేస్తే 102. రెండూ కలిపితే 130. పదుల లెక్క సరిపోయింది, ఇంకేమీ కలపక్కర్లేదు. అందుకే చివర సున్నా. ఇప్పుడు ప్యాకెట్ నలిగి, నడిమి 5 కాస్తా 6గా కనబడిందనుకోండి. మొత్తం 133 అవుతుంది, చివర 7 ఉండాలి. ఉన్నది సున్నా. లెక్క కుదరలేదు కాబట్టి స్కానర్ ఆ నంబరు పంపదు. ఏ ఒక్క అంకె మారినా ఇంతే, దొరికిపోతుంది.

మూడుతో హెచ్చవేయడం ఎందుకంటే, ఊరికే కూడితే 45 బదులు 54 అన్నా మొత్తం మారదు. మూడు చేరాక మారుతుంది. 1, 6 లాగా ఐదు తేడా ఉన్న అంకెలు పక్కపక్కనే ఉండి తారుమారైతే మాత్రం ఈ లెక్కకి అందవు. నంబరు చేత్తో కొట్టాల్సి వస్తే తెరమీద వచ్చిన పేరు కూడా చూడమనేది అందుకే.

ఇంత జాగ్రత్తగా కాపాడిన నంబరులో ధర మాత్రం ఉండదు. స్కానర్ చేసేది కీబోర్డు పనే: అంకెలు కొట్టి ఎంటర్ నొక్కుతుంది. పేరు, ధర, జీఎస్టీ మనం ఎక్కించిన పట్టీలోంచి సాఫ్ట్‌వేర్ తీస్తుంది. పాత స్టాకు సబ్బు ఎమ్మార్పీ 36, కొత్తది 40 అయినా బార్‌కోడ్ ఒకటే కావచ్చు. అప్పుడు తెరమీద రెండు ధరలూ చూపించి ఏదని అడుగుతుంది. చూడకుండా ఎంటర్ కొడితే 36 రూపాయల సబ్బుకి 40 పడొచ్చు. ఎమ్మార్పీ మించి అమ్మడం చట్టప్రకారం నేరం.

ఇంకోటి. ఒకావిడ నాలుగు సబ్బులు తెచ్చారు: మూడు మల్లె, ఒకటి గంధం, ధర ఒక్కటే. ఒకటి స్కాన్ చేసి సంఖ్య 4 కొడితే బిల్లు సరిగ్గానే వస్తుంది, ఆవిడా ఏమీ అనరు. కానీ కంప్యూటర్ నాలుగు మల్లె తీసేసి, గంధం అలాగే ఉంచుతుంది. ఇలా కొన్నాళ్లు సాగితే అరలో గంధం అయిపోయినా తెరమీద ఉంటుంది, ఆర్డర్ పెట్టాలని ఎవరికీ తోచదు. అందుకే రకం మారితే విడిగా స్కాన్ చేయండి. నంబరు తప్పు పోకుండా పదమూడో అంకె చూసుకుంటుంది; ఆ నంబరు చేతిలో ఉన్న సరుకుదేనా అన్నది మీరే చూడాలి.