తెల్లవారితే శుక్రవారం

2025 ఏప్రిల్లో అమెరికాలోని ఒక సంపాదకురాలికి పిల్లల కథలు అనువాదం చేసిస్తానని ఒప్పుకున్నాను. ఎప్పటికి ఇస్తారని అడిగితే ‘05/06 కల్లా పంపిస్తాను’ అని రాశాను. నా లెక్కలో అది జూన్ అయిదు. ఆవిడ సరేనంది. మే ఏడో తారీకు పొద్దున్నే మెయిల్ తెరిస్తే, ఫైలు ఏదీ అని ఉత్తరం! బొమ్మలు వేసే మనిషి నిన్నటి నుంచి ఖాళీగా కూర్చున్నాడట. నా దగ్గర ఇరవై కథల్లో ఏడే పూర్తయ్యాయి.

అమెరికావాళ్లు నెల ముందు రాసి తర్వాత తారీకు వేస్తారు. ఈ సంగతి నాకు తెలియక కాదు. తెలిసీ, రాసేటప్పుడు చెయ్యి మన వాటంలోనే నడిచింది. ఆవిడకీ అనుమానం రాలేదు. ఇరవై చిన్న కథలకి మే ఆరు మరీ తొందరా కాదు, జూన్ అయిదు మరీ ఆలస్యమూ కాదు. రెండూ నమ్మేలా ఉన్నచోట ఎవరూ ఎదురు ప్రశ్న వెయ్యరు.

ఆ రోజు కోపంలో ఒక లెక్క వేశాను. తారీకు పన్నెండు దాటితే పేచీ లేదు, పదమూడో నెల లేదు కాబట్టి 13/06 ని ఎవరు చదివినా జూనే. ఒకటి నుంచి పన్నెండు దాకానే చిక్కు. అందులోనూ 05/05 లాంటిది ఎటు నుంచి చదివినా ఒకటే. నెలకి పదకొండు చొప్పున ఏడాదికి 132 రోజులు రెండు రకాలుగా చదువుకోవచ్చు. మిగతా రోజుల్లో మన రాత బాగానే నడిచిపోతుంది. అందుకే అలవాటు మారదు.

అంకెల మధ్య గీతకు బదులు చుక్క పెట్టినా, అయిదు ముందు సున్నా చేర్చినా, చివర 2025 తగిలించినా ఒరిగేదేమీ లేదు. నెల పేరు అక్షరాల్లో రాయాలి. అంతకంటే మేలు, పక్కన వారం కూడా వెయ్యడం:

```
Thursday, 5 June 2025
```

నెల పేరుంటే చాలదా, వారం దేనికి అంటారేమో. అది తాళానికి రెండో చెవి. నేను 05/06 పక్కన గురువారం అని రాసి ఉంటే, ఆవిడ క్యాలెండర్లో మే ఆరు చూసి అది మంగళవారమని గమనించి, అప్పుడే అడిగేది. నేను వేళ్లు జారి 5 కి బదులు 6 కొట్టినా వారం పట్టిస్తుంది. మన శాసనాల్లో తిథితోపాటు వారం చెక్కించేవారు. ఆ రెండూ కలిశాయో లేదో చూసి చరిత్రకారులు శాసనం తేదీని సరిచూసుకుంటారు. పెళ్లి శుభలేఖలో ‘ది. 5-6-2025 గురువారం’ అని వేసే అలవాటు మనకింకా ఉంది. మెయిల్ దగ్గరికొచ్చేసరికే దాన్ని వదిలేశాం.

అంకెలు మాత్రమే పట్టే చోటు, అంటే ఫైలు పేర్లూ పట్టికలూ వస్తే, `2025-06-05` అని పెద్దది ముందుగా రాస్తాను. 1988లో వచ్చిన ఐఎస్ఓ 8601 అనే అంతర్జాతీయ పద్ధతి ఇది. ఏడాదితో మొదలైతే తర్వాతది నెలేనని అందరూ చదువుకుంటారు. ఫోల్డర్లో పేర్ల వరస కూడా తేదీల వరసలోనే వస్తుంది. ఎక్సెల్‌తో మాత్రం కాస్త జాగ్రత్త. అమెరికా అమరిక ఉన్న కంప్యూటర్లో మన 05/06 కొడితే అది చప్పుడు చెయ్యకుండా మే ఆరైపోతుంది. 13/06 అర్థంకాక ఉత్త అక్షరాలుగా మిగిలిపోతుంది. ఒకే నిలువు వరసలో కొన్ని తేదీలు కుడికి, కొన్ని ఎడమకి అతుక్కుని కనిపిస్తే, కుడికి ఉన్నవే తారుమారయ్యాయని అనుమానించండి.

ఇక గడియారం. ఆవిడతో ప్రతి గురువారం ఫోను మాట్లాడాలని అనుకున్నాం. ‘2:30 pm EST’ అని రాసింది. జూన్‌లో ఆవిడ ఉండే న్యూయార్కు గడియారం ఒక గంట ముందుకి జరిపి ఉంటుంది, అప్పుడది EDT. ‘S’ ఉన్న మాటని అక్షరాలా పట్టుకుంటే నాకు రాత్రి ఒంటిగంట. ఆవిడ మనసులో ఉన్న లెక్కకైతే సరిగ్గా అర్ధరాత్రి పన్నెండు. ఏడాది పొడుగునా EST అనేయడం అక్కడ మామూలే. అందుకని నేను ఆ మూడక్షరాలు మానేసి ‘న్యూయార్కు టైము’ అని ఊరి పేరు రాస్తాను. మన IST కూడా అంతే, ఇజ్రాయెల్ వాళ్లూ ఐర్లండ్ వాళ్లూ తమ టైముకి అవే మూడక్షరాలు వాడతారు.

అర్ధరాత్రి పన్నెండు ఇంకో తంటా. ‘శుక్రవారం 12 am’ అంటే గురువారం రాత్రి గడిచాక వచ్చేదా, శుక్రవారం రాత్రి వచ్చేదా? లెక్క ప్రకారం మొదటిదే. కానీ మనసు ఒప్పుకోదు. ఇరవైనాలుగు గంటల లెక్కలో రాసినా ఈ బాధ తీరదు. మా చిన్నాన్న రాజమండ్రిలో 12వ తారీకు 00:10 రైలుకి టికెట్టు తీసి, 12వ తారీకు రాత్రి భోంచేసి తీరిగ్గా స్టేషన్‌కి వెళ్లాడు. బండి వెళ్లి అప్పటికే ఒక రోజు కావస్తోంది. నిద్రపోయి లేచేదాకా రోజు మారదని నమ్మే మనిషి ఆయన. నేనూ అంతే.

ఈ చిక్కుని మన శుభలేఖలు రాసేవాళ్లు ఎప్పుడో విప్పారు. ‘గురువారం రాత్రి 1-20 ని.లకు (తెల్లవారితే శుక్రవారం)’ అని వేస్తారు. ఏ రాత్రికి బయల్దేరాలో, ఏ తెల్లవారుజాముకి తిరిగి రావాలో రెండూ చెప్పేస్తుంది ఆ ముక్క. దాన్నే ఇంగ్లీషులోకి దించి ఇలా పంపాను:

```
Thu 5 June, 2:45 pm New York
= Fri 6 June, 00:15 India (Thursday night)
```

పావుగంట కావాలనే జరిపాను. సరిగ్గా పన్నెండుకి ఏ పనీ పెట్టుకోకపోవడమే మేలు.

జర్మనీ స్నేహితుడొకడితో ఇంకో రకం ఇబ్బంది వచ్చింది. మన ‘రెండున్నర’ని వాళ్ల భాషలో ‘సగం మూడు’ అంటారు, అంటే మూడుకి సగం దారిలో అని. బ్రిటన్ వాళ్లు అదే మాటని మూడున్నరకి వాడతారు. ఇంగ్లీషులో మాట్లాడుతూ అతను ఆ మాట అన్నప్పుడల్లా, 14:30 ఏనా అని అడిగి అంకెల్లో రాయించుకుంటాను.

నవంబరు 2, ఆదివారం న్యూయార్కు గడియారం మళ్లీ వెనక్కి జరిగింది. మనది జరగదు. ఆ గురువారానికి నా 00:15 కాస్తా 1:15 అయింది. ఒక వారం కళ్లు నులుముకుంటూ మాట్లాడాక, పొద్దున్న పూటకి మార్చమని అడిగాను. ఇప్పుడు న్యూయార్కులో ఉదయం 8:30కి మాట్లాడుకుంటున్నాం. నాకు వేసవిలో సాయంత్రం ఆరు, చలికాలంలో ఏడు. ఏడు అమ్మకి సీరియల్ వేళ. ‘వాళ్ల గడియారం జరిపితే నా టీవీ ఎందుకురా కట్టెయ్యడం’ అని మార్చి దాకా సణుగుతూనే ఉంటుంది.