మీటరు వెనకవైపు ఫొటో

ఇంట్లో రక్తపు చక్కెర చూసుకొనే గ్లూకోమీటరు విషయంలో చాలామంది గమనించని సంగతి ఏమిటంటే, కొలిచే పనిలో ముఖ్యభాగం మీటరుది కాదు, స్ట్రిప్పుది. ఎక్కువ మీటర్లలో స్ట్రిప్పు కొన మీద పూసిన ఎంజైము, అంటే రసాయన చర్యను వేగంగా నడిపించే పదార్థం, రక్తంలోని గ్లూకోజుతో కలిసినప్పుడు అతి సన్నని విద్యుత్ ప్రవాహం పుడుతుంది. మీటరు ఆ ప్రవాహాన్ని చదివి, ఆ స్ట్రిప్పు కోసమే తనలో ముందుగా పొందుపరిచిన లెక్క ప్రకారం దానిని అంకెగా మార్చి తెర మీద చూపుతుంది. ఆ లెక్క ఒక రకం స్ట్రిప్పుకు సరిపోయేటట్లు చేసినది కాబట్టి, అదే కంపెనీ తయారుచేసిన మరో రకం స్ట్రిప్పు చూడడానికి అలాగే ఉన్నా, సందులో చక్కగా దూరినా, దానితో వచ్చే అంకెను నమ్మడానికి వీలులేదు.

ఫొటో చూసి స్ట్రిప్పులు తెప్పించే పనిలో చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. అమెరికాలో ఉన్న పిల్లలు తెచ్చి ఇచ్చిన మీటరుకు స్ట్రిప్పులు అయిపోయినప్పుడు, గుంటూరులోనో కరీంనగరులోనో ఉన్న తల్లిదండ్రులు దానిని ఫొటో తీసి మందుల దుకాణానికి గాని బంధువులకు గాని వాట్సాప్‌లో పంపుతారు. ఆ ఫొటోలో సాధారణంగా మీటరు ముందు భాగం మాత్రమే కనిపిస్తుంది, తెర మీద ఫ్లాష్ వెలుగు పడి సగం అక్షరాలు చెరిగినట్లు ఉంటాయి, కంపెనీ పేరో శ్రేణి పేరో పెద్దగా కనిపించి, స్ట్రిప్పును నిర్ణయించే చిన్న మాట ఆ వెలుగులోనే కలిసిపోతుంది.

దీనికి కాంటూర్ మీటర్లు మంచి ఉదాహరణ. అమెరికాలో అమ్మే కాంటూర్ నెక్స్ట్ వన్, భారతదేశంలోను మరికొన్ని దేశాలలోను అమ్మే కాంటూర్ ప్లస్ వన్ పక్కపక్కన పెడితే ఒకే అచ్చులో పోసినట్లు కనిపిస్తాయి. చక్కెర లక్ష్యంలో ఉంటే ఆకుపచ్చగా, మించితే పసుపుగా, తగ్గితే ఎర్రగా స్ట్రిప్పు సందు దగ్గర వెలిగే దీపం కూడా రెండింటికీ ఉంది. అయినా మొదటిదానికి కాంటూర్ నెక్స్ట్ స్ట్రిప్పులు, రెండవదానికి కాంటూర్ ప్లస్ స్ట్రిప్పులు మాత్రమే వాడాలి, ఒకదానివి మరొకదానికి పనికిరావు. ముందువైపు ఫొటోలో "కాంటూర్" అన్న మాట ఒక్కటే చదివి ఇక్కడి దుకాణంలో దొరికే కాంటూర్ ప్లస్ డబ్బీనో, అదే శ్రేణిలోని మరో మీటరుకు ఉద్దేశించిన కాంటూర్ టీఎస్ డబ్బీనో కొనడం అందువల్లనే తరచుగా జరిగే పొరపాటు. డబ్బీ మూత తీశాక దుకాణదారు దానిని సాధారణంగా తిరిగి తీసుకోడు. మీటరు నెక్స్ట్ వన్ అని తేలిన పక్షంలో, విదేశం నుంచి వచ్చిపోయే వారి రాక కోసం ఎదురుచూస్తూ స్ట్రిప్పులు తెప్పించుకోవడం కంటే ఇక్కడ అమ్మే మీటరును కొత్తగా కొనుక్కోవడమే తెలివైన పని, ఎందుకంటే ఏడాది పొడవునా అయ్యే ఖర్చులో పెద్ద భాగం స్ట్రిప్పులదే తప్ప మీటరుది కాదు.

మీటరు ఏ దేశపుదో తెర మీది అంకె కూడా కొంతవరకు చెబుతుంది. భారతదేశంలోను అమెరికాలోను చక్కెరను mg/dL లో చూపుతారు, బ్రిటన్, ఆస్ట్రేలియా వంటి దేశాలలో mmol/L లో చూపుతారు. ఒకే రక్తపు చుక్క ఇక్కడి మీటరులో 126 అని కనిపిస్తే అక్కడి మీటరులో 7.0 అని దశాంశ బిందువుతో కనిపిస్తుంది, దానిని 18తో గుణిస్తే మన అంకె వస్తుంది. కాబట్టి ఫొటోలోని తెర మీద బిందువు ఉన్న అంకె కనబడితే, ఆ మీటరు ఇక్కడ కొన్నది కాకపోవచ్చునని, దాని స్ట్రిప్పులు ఇక్కడ అదే పేరుతో దొరకకపోవచ్చునని మొదటే అనుమానించాలి.

ఇక్కడే కొన్న మీటర్లతోను ఇదే చిక్కు వస్తుంది. వన్‌టచ్ సెలెక్ట్ సింపుల్, వన్‌టచ్ సెలెక్ట్ ప్లస్ సింపుల్ అనే రెండు మీటర్ల పేర్లలో "ప్లస్" అనే ఒక్క మాటే తేడా అయినా, వాటి స్ట్రిప్పులు వేరు. ఆక్యు-చెక్ యాక్టివ్ పాత మీటర్లలోనైతే స్ట్రిప్పుల డబ్బీతో పాటు వచ్చే కోడ్ చిప్‌ను, అంటే ఆ విడత స్ట్రిప్పుల లక్షణాన్ని మీటరుకు తెలిపే చిన్న ముక్కను, పక్కనున్న సందులో పెట్టి, మీటరు చూపే సంఖ్య డబ్బీ మీది సంఖ్యతో సరిపోయిందో లేదో చూసుకోవాలి.

అందువల్ల ముందువైపు ఫొటో గుర్తింపుకు ఆరంభమే గాని ఆధారం కాదు. మీటరును బోర్లించి వెనక అతికించిన లేబులును పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, ఫోను నిటారుగా పట్టి తీస్తే, మోడల్ పేరు, REF అనే అక్షరాల పక్కన తయారీదారు ఇచ్చిన సంఖ్య చదవడానికి వీలవుతుంది. SN పక్కనున్నది ఆ ఒక్క మీటరు వరుస సంఖ్య కాబట్టి దానితో వెదికి ప్రయోజనం లేదు. అంతకంటే గట్టి ఆధారం పాత స్ట్రిప్పుల ఖాళీ డబ్బీ, కాబట్టి దానిని పారవేయకూడదు. పాత డబ్బీ మీద బేయర్ అని, కొత్తదాని మీద అసెన్సియా అని ఉన్నా కంగారుపడనక్కరలేదు, ఎందుకంటే బేయర్ తన మధుమేహ పరికరాల వ్యాపారాన్ని అమ్మివేయడంతో 2016 నుంచి కాంటూర్ సరుకు అసెన్సియా పేరుతో వస్తోంది. అక్కడ మారినది యజమాని పేరే గాని స్ట్రిప్పు రకం కాదు.

కొత్త డబ్బీ వచ్చాక దాని మీద రాసిన మీటర్ల పేర్లలో తమ మీటరు పేరు పూర్తిగా, చివరి మాటతో సహా ఉన్నదో లేదో చూసి, ఆ తర్వాతే మూత తీయాలి. అప్పటికీ సందేహం మిగిలితే ఆ కంపెనీ కంట్రోల్ సొల్యూషన్, అంటే తెలిసిన మోతాదులో గ్లూకోజు కలిపిన ద్రవం, ఒక చుక్క రక్తానికి బదులుగా స్ట్రిప్పుకు తాకించి, వచ్చిన అంకె డబ్బీ మీద ముద్రించిన రెండు అంకెల మధ్య పడిందేమో చూడవచ్చు.

ఇలాగే ఫొటో చూసి తెప్పించే రక్తపోటు యంత్రం కఫ్ విషయం కొంత భిన్నం. ఇక్కడా అడుగున ఉన్న లేబులే మోడల్ చెబుతుంది. ఉదాహరణకు ఒమ్రాన్ HEM-7120 అని తేలితే, 22 నుంచి 32 సెంటీమీటర్ల జబ్బకు HEM-CR24, 32 నుంచి 42 సెంటీమీటర్ల జబ్బకు HEM-CL24 అనే కఫ్‌లు దానికి సరిపోతాయి. గొట్టం చివరి ముక్క సరిగా కూర్చున్నంత మాత్రాన వేరే కంపెనీ కఫ్ పనికివస్తుందని అనుకోరాదు, ఎందుకంటే కఫ్‌లోని గాలిలో నాడి పుట్టించే చిన్న కదలికలను బట్టి ఈ యంత్రాలు రక్తపోటును లెక్కకడతాయి, ఆ లెక్కను పరీక్షించినది తమ సొంత కఫ్‌తోనే. అయితే ఏ ఫొటో చెప్పలేనిది జబ్బ లావు. జాన్స్ హాప్‌కిన్స్ పరిశోధకులు 2023లో ప్రచురించిన అధ్యయనంలో, పెద్ద కఫ్ కావలసిన వారికి మామూలు కఫ్ చుట్టినప్పుడు పై అంకె సగటున 4.8 ఎక్కువగా, అతి పెద్ద కఫ్ కావలసిన వారికి 19.5 ఎక్కువగా వచ్చింది. అసలు 125 ఉన్న మనిషి 144తో డాక్టరు ముందు కూర్చొని, అక్కరలేని మాత్ర తెచ్చుకొనే పరిస్థితి దీనివల్ల ఏర్పడుతుంది. కఫ్ కోసం ఫొటో పంపేవారు దర్జీ టేపుతో భుజానికి, మోచేతికి సరిగ్గా మధ్యన జబ్బ చుట్టూ కొలిచి, ఆ అంకెను సెంటీమీటర్లలో ఫొటో కింద రాసి పంపాలి.